ఘాట్ బస్సు ఏ చుక్కలో ఉంది? స్కాటర్ ప్లాట్, రిగ్రెషన్ గీత, రెసిడ్యువల్స్

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు ప్లస్ టూ, డిగ్రీ చదివే పిల్లల్లో చాలామందికి రిగ్రెషన్ సూత్రం నోటికి వచ్చు. అంకెలు వేస్తారు, గీత సమీకరణం తెస్తారు. తడబాటు ఆ తర్వాత మొదలవుతుంది. "ఈ చుక్క రెసిడ్యువల్ ఎంత? దాన్ని బట్టి ఏం తెలుస్తోంది?" అని అడిగితే కలం ఆగిపోతుంది. కొందరు గుర్తు తారుమారు చేస్తారు. కొందరు అన్నీ కూడి సున్నా వచ్చిందని గీత సరిగ్గా కుదిరినట్టే అనుకుంటారు. ఎక్కువమంది మాత్రం అన్నిటికన్నా పెద్ద రెసిడ్యువల్ ఉన్న చుక్కే మిగతావాటితో కలవని తేడా చుక్క అని రాసేస్తారు. ఈ చివరి అభిప్రాయం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ బోల్తా కొడుతుందో ఒక్క ఉదాహరణతో చూస్తే మిగతా తికమకలు దారిలోనే విడిపోతాయి.

పర్లాకిమిడి బస్టాండు నుంచి బయల్దేరే ఐదు బస్సులు తీసుకుందాం. అంకెలు చేత్తో తేలికగా తేలడానికి సాధన కోసం వేసుకున్నవి, ఏ రూటు టైంటేబులూ కాదు. దారుల తీరు మాత్రం అక్కడిదే. కాశీనగర్ వైపో, సరిహద్దు దాటి పాతపట్నం వైపో వెళితే రోడ్డు చాలావరకు చదునుగా ఉంటుంది. ఆర్.ఉదయగిరి వైపు వెళ్లే బస్సు మలుపులు తిరుగుతూ కొండెక్కాలి. మన ఐదింటిలో నాలుగు చదును దారివి, 30 కిలోమీటర్లది ఘాట్ దారిది.

| దూరం (కి.మీ.) | పట్టిన సమయం (నిమిషాలు) |
|---|---|
| 10 | 31 |
| 20 | 49 |
| 30 | 95 |
| 40 | 89 |
| 50 | 111 |

దేన్ని బట్టి దేన్ని అంచనా వేస్తున్నామో ముందు తేల్చుకోవాలి. దూరం తెలిస్తే సమయం చెప్పాలనుకుంటున్నాం కాబట్టి దూరం అడ్డంగా ఉండే ఎక్స్ అక్షం మీద, సమయం నిలువుగా ఉండే వై అక్షం మీద వస్తాయి. గ్రాఫ్ కాగితం మీద ఐదు చుక్కలు పెట్టి ఊరుకోవాలి. చుక్కకూ చుక్కకూ మధ్య గీతలు కలపకూడదు. 30 కిలోమీటర్ల బస్సూ 40 కిలోమీటర్ల బస్సూ వేరువేరు ప్రయాణాలు, ఒకటి రెండోదానిగా మారలేదు. కలిపితే ఘాట్ బస్సు దగ్గర కొండలా లేచి దిగే బొమ్మ వస్తుంది, చూసేవాళ్లు దానికి లేని అర్థం వెతుకుతారు.

ఇక గీత. దూరాల సగటు 30, సమయాల సగటు 75. ప్రతి దూరం లోంచి 30 తీసేస్తే –20, –10, 0, 10, 20 వస్తాయి. ప్రతి సమయం లోంచి 75 తీసేస్తే –44, –26, 20, 14, 36 వస్తాయి. ఈ రెండు వరసలనూ జంటగా గుణిస్తే 880, 260, 0, 140, 720; మొత్తం 2000. దూరాల తేడాల వర్గాలు కూడితే 400, 100, 0, 100, 400 కలిసి 1000. మొదటి మొత్తాన్ని రెండోదానితో భాగిస్తే వాలు 2. గీత సగటు చుక్క మీదుగా, అంటే 30 దగ్గర 75 మీదుగా, తప్పకుండా పోతుంది. అందుకని 75 లోంచి 2 × 30 తీసేస్తే మిగిలే 15 గీత వై అక్షాన్ని తాకే చోటు.

```
y = 15 + 2x
```

వాలు 2 అంటే దూరం ఒక కిలోమీటరు పెరిగితే అంచనా రెండు నిమిషాలు పెరుగుతుందని. యూనిట్లు లేకుండా ఉత్త 2 అని రాస్తే అది సగం జవాబే. 15 గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. సున్నా కిలోమీటర్లకు బస్సు ప్రయాణమే లేదు, మన దగ్గరున్న అతి తక్కువ దూరం 10. ఊరు దాటేవరకు నెమ్మదిగా పోవడం, జనం ఎక్కేదాకా ఆగడం లాంటివి ఆ 15లో కలిసి ఉండొచ్చు. అది ఊహే, లెక్క రుజువు చేసింది కాదు. ఘాట్ బస్సుకు కూడా ఈ 15తో సంబంధం ఉందని ఇంకాసేపట్లో తేలుతుంది.

రెసిడ్యువల్ అంటే నిజంగా పట్టిన సమయం లోంచి గీత చెప్పిన సమయం తీసివేత. ముందు నిజం, తర్వాత అంచనా. ఈ వరస మారిస్తే గుర్తు మారిపోతుంది. 30 కిలోమీటర్ల బస్సుకు గీత చెప్పేది 15 + 60, అంటే 75 నిమిషాలు. పట్టింది 95. కాబట్టి రెసిడ్యువల్ +20: బస్సు అంచనా కన్నా ఇరవై నిమిషాలు ఎక్కువ తీసుకుంది, చుక్క గీతకు పైన ఉంది. గుర్తు సరిచూసుకోవాలంటే గ్రాఫ్ చూస్తే చాలు: చుక్క గీతకు పైనుంటే ప్లస్, కిందుంటే మైనస్.

ఈ దూరాన్ని స్కేలు నిలువుగా పెట్టి కొలవాలి. చుక్క నుంచి గీత మీదికి అడ్డదారిలో లంబం గీసి కొలిచేవాళ్లు చాలామంది. గీతకు అతి దగ్గరి దారి అదే కదా అని వాళ్ల వాదన. కానీ ఆ లంబం వెంట కొంత దూరం కిలోమీటర్లలో, కొంత దూరం నిమిషాల్లో నడుస్తాం. రెండూ కలిపిన కొలతకు ఇక్కడ అర్థం లేదు. పైగా వై అక్షం స్కేలు మారిస్తే ఆ లంబం వేరే చోట పడుతుంది. బస్సు 30 కిలోమీటర్లు వెళ్లిందన్న విషయంలో మనకు సందేహం లేదు, తప్పింది సమయం అంచనా ఒక్కటే. ఆ తప్పు నిలువు దిశలోనే ఉంటుంది.

వరసగా ఐదు రెసిడ్యువల్స్ చేస్తే –4, –6, +20, –6, –4 వస్తాయి. కూడితే సున్నా. వై అక్షాన్ని ఎక్కడ తాకాలో లెక్కే తేల్చిన ఏ రిగ్రెషన్ గీతకైనా ఇలాగే సున్నా వస్తుంది, కుదిరిన గీతకైనా కుదరని గీతకైనా. కాబట్టి ఈ సున్నా గీతకు మెచ్చుకోలు కాదు. మన కూడికలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి పనికొస్తుంది, అంతే. అంచనాలను మధ్యలో దగ్గరి అంకెకు సవరిస్తే ఈ సున్నా చెడిపోవచ్చు కాబట్టి దశాంశాలను చివరిదాకా ఉంచుకోవాలి.

ఇప్పుడు ఆ నాలుగు మైనస్‌ల దగ్గర ఆగాలి. చదును దారి బస్సులు నాలుగూ గీతకు కిందే ఉన్నాయి. నాలుగు బస్సులూ ఒకేసారి అంచనా కన్నా ముందే చేరాయా? అలా కాదు. ఘాట్ బస్సు గీతను పైకి లాగింది. అది లేకుండా మిగతా నాలుగింటికే గీత వేస్తే `y = 10 + 2x` వస్తుంది. అప్పుడు ఆ నాలుగు చుక్కల రెసిడ్యువల్స్ +1, –1, –1, +1. నాలుగూ గీత మీద దాదాపు ఆనుకుని ఉన్నాయి. వాలు మారలేదు, 10 మాత్రం 15 అయింది. ఆ పెరిగిన ఐదు నిమిషాలూ ఘాట్ బస్సువి. వాటిని అన్ని బస్సులకూ పంచేశాం.

రిగ్రెషన్ ఎందుకిలా చేస్తుంది? రెసిడ్యువల్స్ వర్గాల మొత్తం అన్నిటికన్నా తక్కువగా ఉండే గీతనే అది ఎంచుకుంటుంది. ఫ్రెంచి గణితవేత్త లెజాండ్ర్ 1805లో అచ్చువేసిన కనిష్ఠ వర్గాల పద్ధతి ఇదే. `y = 10 + 2x` గీతనే ఐదు చుక్కలకూ ఉంచితే ఘాట్ బస్సు తప్పు 25 నిమిషాలు, దాని వర్గమే 625. మిగతా నాలుగు ఒకట్లు కలిపితే మొత్తం 629. గీతను ఐదు నిమిషాలు పైకి జరిపితే 16, 36, 400, 36, 16 కలిసి 504. వర్గం చేయడం వల్ల ఒక్క పెద్ద తప్పు ఖరీదు బాగా పెరుగుతుంది, దాన్ని తగ్గించడానికి నాలుగు చిన్న తప్పులను గీత ఒప్పుకుంటుంది. పెద్ద రెసిడ్యువల్ పక్కన, దానికి ఎదురు గుర్తుతో చిన్న రెసిడ్యువల్స్ గుంపు కనిపిస్తే ఇదే జరుగుతోందేమోనని అనుమానించాలి.

ఇక్కడిదాకా పెద్ద రెసిడ్యువల్ ఉన్న చుక్కే తేడా చుక్క. ఘాట్ బస్సు +20తో తన్ను తానే పట్టి ఇచ్చింది. ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చేద్దాం. 30 కిలోమీటర్ల బస్సు చదును దారిలో పోయి 70 నిమిషాల్లో చేరింది. 50 కిలోమీటర్ల బస్సు ఘాట్ ఎక్కి 135 నిమిషాలు తీసుకుంది. చదును గీత `y = 10 + 2x` ప్రకారం 50 కిలోమీటర్లకు 110 నిమిషాలు కాబట్టి ఆలస్యం మళ్లీ అదే 25 నిమిషాలు. బస్సు తేడా ఎంతో ఉందో అంతే ఉంది, చోటు మాత్రం వరస మధ్య నుంచి చివరికి మారింది.

గీత మళ్లీ వేస్తే సమయాల సగటు 74.8, గుణకారాల మొత్తం 2480, వాలు 2.48. వై అక్షాన్ని తాకే చోటు 74.8 – 74.4, అంటే 0.4.

```
y = 0.4 + 2.48x
```

ఈ గీత చెప్పే సమయాలు వరసగా 25.2, 50, 74.8, 99.6, 124.4. రెసిడ్యువల్స్ +5.8, –1, –4.8, –10.6, +10.6. ఘాట్ బస్సు ఆలస్యం 25 నిమిషాలైతే దాని రెసిడ్యువల్ 10.6 మాత్రమే. అంతే పెద్ద రెసిడ్యువల్, మైనస్ గుర్తుతో, ఏ తప్పూ చేయని 40 కిలోమీటర్ల బస్సు నెత్తిన పడింది. రెసిడ్యువల్స్ పట్టిక మాత్రమే చూసేవాళ్లు 40 కిలోమీటర్ల బస్సు చాలా వేగంగా పోయిందని రాస్తారు. అది నిజం కాదు. చదును గీత ప్రకారం దానికి పట్టాల్సింది 90 నిమిషాలు, పట్టింది 89.

మధ్యలో ఉన్న చుక్క గీతను మొత్తంగా పైకి ఎత్తగలదు కానీ వంచలేదు. చివర ఉన్న చుక్క గీతను తన వైపు వంచుకుంటుంది. పిల్లలు ఆడుకునే ఊగుడు బల్ల మీద నడిమధ్య కూర్చున్నవాడికీ అంచున కూర్చున్నవాడికీ ఉన్న తేడా ఇదే. గీత వంగి తన దగ్గరికి వచ్చేసింది కాబట్టి ఆ చుక్కకు గీతతో దూరం తగ్గిపోతుంది, అసలు తేడా దాక్కుంటుంది. చుక్కకున్న ఈ పట్టును లెవరేజ్ అంటారు. అది ఎంతో తేల్చడానికి సమయాలతో పని లేదు, దూరాలుంటే చాలు. చుక్కల సంఖ్యతో 1ని భాగించి, ఆ చుక్క సగటు నుంచి ఎంత ఎడంలో ఉందో దాని వర్గాన్ని దూరాల తేడాల వర్గాల మొత్తమైన 1000తో భాగించి దానికి కలపాలి. 30 దగ్గరున్న చుక్కకు 1/5 + 0, అంటే 0.2. 50 దగ్గరున్న చుక్కకు 1/5 + 400/1000, అంటే 0.6.

ఈ సంఖ్యతో దాక్కున్న తేడాను బయటికి లాగొచ్చు. రెసిడ్యువల్‌ను 1 లోంచి లెవరేజ్ తీసేసిన దానితో భాగించాలి. మొదటి లెక్కలో 20ని 0.8తో భాగిస్తే 25. రెండో లెక్కలో 10.6ను 0.4తో భాగిస్తే 26.5. ఆ చుక్కను పక్కన పెట్టి, మిగతా నాలుగింటికే గీత వేసి, ఆ గీతతో దాన్ని పోలిస్తే వచ్చే తేడా సరిగ్గా ఇదే. నమ్మకం కుదరకపోతే చేసి చూడొచ్చు: మొదటి నాలుగు చుక్కల గీత `y = 11 + 1.95x`, అది 50 కిలోమీటర్లకు 108.5 చెబుతుంది, 135 లోంచి తీసేస్తే 26.5. అదే పద్ధతిలో 40 కిలోమీటర్ల బస్సును పరీక్షిస్తే లెవరేజ్ 0.3 కాబట్టి 10.6ను 0.7తో భాగించాలి, సుమారు 15 వస్తుంది. పట్టికలో సమానంగా కనిపించిన రెండు చుక్కలు ఇప్పుడు విడిపోయాయి. 15 కూడా తక్కువేమీ కాదు, ఎందుకంటే ఘాట్ బస్సు ఇంకా ఆ గీతను వంచుతూనే ఉంది.

పరీక్ష హాల్లో ఇంత లెక్కకు సమయం లేకపోతే వేలు చాలు. గ్రాఫ్ మీద చివరి చుక్కను వేలితో మూసి మిగతా నాలుగు ఎలా ఉన్నాయో చూడాలి. తర్వాత మొదటి చుక్కను మూసి చూడాలి. ఏదో ఒకటి మూసినప్పుడు మిగతావి హఠాత్తుగా ఒకే గీతలోకి వచ్చేస్తే ఆ మూసిన చుక్కే గీతను లాగుతోంది.

రెండో లెక్కలో ఇంకో ఉచ్చు ఉంది. దూరం అడ్డంగా, రెసిడ్యువల్ నిలువుగా పెట్టి చుక్కలు వేసి, మధ్యలో సున్నా గీత గీస్తే వచ్చేదాన్ని రెసిడ్యువల్ ప్లాట్ అంటారు. +5.8 నుంచి మొదలై, దిగుతూ –10.6 దాకా పోయి, చివర +10.6కు ఎగిరే ఈ బొమ్మ లోటాలా కనిపిస్తుంది. రెసిడ్యువల్స్‌లో వంపు కనిపిస్తే సరళ రేఖ సరిపోదు, వక్రం కావాలి అని పాఠంలో చదివి ఉంటారు. ఆ మాట సరైనదే, ఇక్కడ మాత్రం వర్తించదు. నిజమైన వంపైతే చివరి చుక్కను మూసినా మిగతావాటిలో వంపు మిగులుతుంది. ఇక్కడ మూసి మిగతా నాలుగింటికే గీత వేస్తే వచ్చే రెసిడ్యువల్స్ +0.5, –1, +0.5, 0. వంపు లేదు, ఒక్క చుక్క చేసిన పని అది.

ఇక ఆర్ స్క్వేర్, అంటే సమయాల చెదురులో గీత వివరించిన వంతు. మొదటి లెక్కలో సమయాల తేడాల వర్గాల మొత్తం, అంటే మొత్తం చెదురు, 4504, గీత వివరించలేక వదిలేసింది 504, కాబట్టి ఆర్ స్క్వేర్ 0.89. రెండో లెక్కలో మొత్తం చెదురు 6432.8, వదిలేసింది 282.4, ఆర్ స్క్వేర్ 0.96. సంఖ్య పెరిగింది, గీత పాడైంది. చదును దారికి నిజమైన వాలు దాదాపు 2 అయితే మొదటి గీత దాన్ని సరిగ్గా చెప్పింది, రెండోది 2.48 అంటోంది. ఆర్ స్క్వేర్ చూసి ఏ గీత మేలో తేల్చే అలవాటును ఈ ఒక్క జత అంకెలే మాన్పించాలి. గణాంకవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో ఇలాంటిదే ఇంకా గట్టిగా చూపించాడు. పదకొండేసి చుక్కలున్న నాలుగు పట్టికలు తయారు చేశాడు. నాలుగింటికీ గీత సుమారు `y = 3 + 0.5x`, సహసంబంధం సుమారు 0.82. గ్రాఫ్ వేస్తే ఒకటి మామూలుగా చెదిరిన చుక్కలు, ఒకటి నిఖార్సైన వంపు, ఒకటి సరళ రేఖ నుంచి ఒక్క చుక్క తప్పుకున్నది, ఇంకొకటి దూరాన ఉన్న ఒక్క చుక్క వల్లే వాలు పుట్టినది. మూడోదీ నాలుగోదీ మన ఘాట్ బస్సుకు దగ్గరి చుట్టాలు.

తేడా చుక్క దొరికాక చాలామంది చేసే పని దాన్ని కొట్టేయడం. ముందు కారణం వెతకాలి. మొదట చూడాల్సింది రాసుకోవడంలో తప్పు. గంటా ముప్పై ఐదు నిమిషాలను 1.35 అని రాసుకుని, కంప్యూటర్లో 135 అని కొట్టేస్తే 95 కాస్తా 135 అవుతుంది. గంటకు అరవై నిమిషాలు కాక వంద లెక్కపడుతుంది కాబట్టి గంట దాటి రెండు గంటల లోపున్న ప్రతి ప్రయాణానికీ నలభై నిమిషాలు అదనంగా చేరతాయి. ఒకే చుక్క ఎగిరితే ఆ ఒక్కచోటే అలా రాశారేమో చూడాలి. గంట లోపువన్నీ ఒక గీతలో, గంటకూ రెండు గంటలకూ మధ్యవన్నీ నలభై పైన ఇంకో గీతలో ఉంటే మొత్తం అలాగే కొట్టారన్నమాట. ఇది సరిదిద్దాల్సిన తప్పు, దిద్ది గీత మళ్లీ వేయాలి.

కొలత సరైనదే అయితే, ఘాట్ దారిలా నిజమైన కారణం దొరికితే, చుక్కను చెరపకూడదు. అది వేరే రకం దారికి చెందినది. చదును దారులకు వేరుగా గీత వేయొచ్చు, ఆ గీత చదును దారులకే వర్తిస్తుందని రాయాలి. ఘాట్ దారికి ఒకే ప్రయాణం ఉంది కాబట్టి దానికి గీత వేయలేం. ఒక్క చుక్క మీదుగా ఎన్ని గీతలైనా పోతాయి. ఘాట్ గురించి ఏమైనా చెప్పాలంటే వేరువేరు దూరాల ఘాట్ ప్రయాణాలు ఇంకొన్ని కొలవక తప్పదు. కారణమేదీ దొరకకపోతే చుక్కతో ఒక గీత, చుక్క లేకుండా ఒక గీత వేసి, రెండూ చూపించాలి.

ఈ లెక్కలే ఎక్సెల్‌లో చేసేటప్పుడు రెండు చోట్ల తప్పు దొర్లుతుంది. చార్టు ఎంచుకునేటప్పుడు Scatter బదులు Line నొక్కితే దూరాలను ఎక్సెల్ పేర్లలా చూసి సమాన ఎడంలో పేరుస్తుంది. మన దూరాలు పదేసి ఎడంలోనే ఉన్నాయి కాబట్టి ఇక్కడ తేడా బయటపడదు. 10, 12, 50 లాంటి దూరాలైతే బొమ్మే తప్పుగా వస్తుంది. రెండోది SLOPE ఫంక్షన్‌లో వరస. ముందు సమయాలు, తర్వాత దూరాలు ఇవ్వాలి:

```
=SLOPE(B2:B6, A2:A6)
=INTERCEPT(B2:B6, A2:A6)
```

తారుమారు చేస్తే మొదటి లెక్కలో 2 బదులు 0.444 వస్తుంది. తప్పు చూపించకుండా మామూలు జవాబులాగే వస్తుంది కాబట్టి పట్టుకోవడం కష్టం. దాన్ని తలకిందులు చేసి 2 తెచ్చుకుందామన్నా కుదరదు, 2.25 వస్తుంది. 0.444 అనేది సమయాన్ని బట్టి దూరం అంచనా వేసే గీత వాలు. అది వర్గాల మొత్తాన్ని కిలోమీటర్ల దిశలో తగ్గించింది, అంటే రెసిడ్యువల్స్‌ను నిలువుగా కాక అడ్డంగా కొలిచింది. చుక్కలన్నీ ఒకే రేఖ మీద ఉంటే తప్ప ఆ రెండు గీతలూ ఒకటి కావు.